యాడ్ వేసే ముందు ఈ లెక్క: ఎంతమందిలో ఒకరు కొంటే డబ్బు తిరిగొస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే లెక్క. ఒక వస్తువు మీద మీకు ఎంత మిగులుతుందో తెలుసు. దానికి ఇన్‌స్టాగ్రామ్‌లోనో గూగుల్‌లోనో యాడ్ వేద్దాం అనుకుంటున్నారు. బటన్ నొక్కే ముందు రెండు అంకెలు తేల్చుకోవాలి. క్లిక్‌కి గరిష్ఠంగా ఎంత పెట్టొచ్చు? వచ్చినవాళ్లలో ఎంతమందిలో ఒకరు కొంటే కనీసం పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది? ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు.

ఉదాహరణకి మన పక్క ఊరి సరుకే తీసుకుందాం. పటమట నుంచి బెంజ్ సర్కిల్ దాటి, కనకదుర్గ వారధి మీదుగా కృష్ణ అవతలికి వెళ్తే తాడేపల్లి, ఆ తర్వాత మంగళగిరి. అక్కడి కాటన్ చీర, నిజాం అంచు, గుంట మగ్గం మీద నేసిన సరుకు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పటమటలో మాకు తెలిసిన ఒక అక్క ఈ చీరలు తెచ్చి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతుంది. దసరాకి 20,000 రూపాయలు యాడ్స్‌కి పెడదామని కూర్చుంది. చీర ధర, ఖర్చుల అంకెలు నోటి లెక్కకి తేలిగ్గా ఉండేలా కొంచెం సర్ది చెప్తాను. మీ అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

అక్క లెక్క ఇలా ఉంది. "తమ్ముడూ, చీర 640కి తెస్తున్నా, 1,260కి అమ్ముతున్నా. చీరకి 620 మిగులుతోంది. మొన్న 1,000 రూపాయలతో బూస్ట్ చేస్తే 400 క్లిక్స్ వచ్చాయి, అంటే క్లిక్ రెండున్నర. 20,000 పెడితే 8,000 క్లిక్స్. నూటికి ఒక్కరు కొన్నా 80 చీరలు. 80 ఇంటూ 620, దాదాపు 50,000. 20,000 పోగా 30,000 మిగలదా?"

గుణకారం ఒక్కటీ తప్పు లేదు. కానీ మొదటి రెండు అంకెలూ, అంటే 620, రెండున్నర, ఈ లెక్కలో వాడాల్సినవి కావు.

ముందు 620 సంగతి చూద్దాం

ధర 1,260లో 5 శాతం జీఎస్టీ కలిసి ఉంది. అక్కకి రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి అందులో 60 రూపాయలు ఆవిడవి కావు, ప్రభుత్వానివి. మిగిలింది 1,200. అందులోంచి చీర 640 తీసేయండి, 560. ప్యాకింగ్ 30, కొరియర్ 80. డబ్బు ఆన్‌లైన్‌లో వస్తే పేమెంట్ గేట్‌వే వాడు, క్యాష్ ఆన్ డెలివరీ అయితే కొరియర్ వాడు ఇంకొంత తీసుకుంటారు. రెండిటికీ 30 అనుకుందాం. మొత్తం తీస్తే 420.

ఇది చీర కస్టమర్ చేతికి చేరి, డబ్బు అక్క ఖాతాలో పడితే మిగిలేది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ యాడ్ డబ్బు ఖర్చయ్యేది ఆర్డర్ పెట్టించడానికి. పెట్టిన ప్రతి ఆర్డరూ డెలివరీ అవ్వదు కదా.

అక్క పాత ఆర్డర్లు తీసి లెక్కపెట్టాం. 100 ఆర్డర్లలో 60 క్యాష్ ఆన్ డెలివరీ. అందులో 15 వెనక్కి వచ్చేశాయి. ఫోన్ ఎత్తలేదు, ఇంట్లో లేరు, ఇప్పుడు వద్దన్నారు, కారణం ఏదైనా సరే చీర తిరిగి పటమటకే వచ్చింది. చీర పాడవ్వలేదు, మళ్లీ అమ్ముకోవచ్చు. కానీ వెళ్లేటప్పుడు 80, వచ్చేటప్పుడు 70, ప్యాకింగ్ 30, కలిపి 180 పోయింది.

ఇప్పుడు 100 ఆర్డర్లకి కలిపి చూడండి. చేరినవి 85, ఒక్కోదానికి 420 చొప్పున 35,700. తిరిగొచ్చినవి 15, ఒక్కోదానికి 180 చొప్పున 2,700 నష్టం. తీసేస్తే 33,000. అంటే ఆర్డర్‌కి సగటున 330.

యాడ్ లెక్కలో వాడాల్సిన మార్జిన్ ఈ 330. అక్క నోట్లో ఉన్న 620 దాదాపు సగానికి వచ్చేసింది. అద్దె, కరెంటు, అక్క సొంత కష్టం ఇంకా ఇందులో కలపలేదు. అవి ఒక ఆర్డర్ ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా మారేవి కావు కాబట్టి ఇక్కడ పక్కన పెట్టాం. ఆ ఖర్చులు కూడా తీరాలంటే బ్రేక్ ఈవెన్ దగ్గర ఆగితే కుదరదు, దానికి పైన ఉండాలి.

ఇప్పుడు అసలు సూత్రం

100 మంది క్లిక్ చేసి మీ పేజీకి వచ్చారు, అందులో ఇద్దరు ఆర్డర్ పెట్టారు అనుకోండి. కన్వర్షన్ రేట్ 2 శాతం. ఆ ఇద్దరి వల్ల మిగిలేది 660. ఆ 660 కోసం 100 క్లిక్స్ కొన్నారు. కాబట్టి క్లిక్‌కి 6 రూపాయల 60 పైసలు పెడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకి మించితే చేతి డబ్బు పోతున్నట్టే. దీన్నే రెండు వైపుల నుంచి రాసుకోవచ్చు.

```
గరిష్ఠ క్లిక్ ధర = ఆర్డర్ మార్జిన్ × కన్వర్షన్ రేట్
బ్రేక్ ఈవెన్ కన్వర్షన్ రేట్ = క్లిక్ ధర ÷ ఆర్డర్ మార్జిన్
```

అక్క మార్జిన్ 330 మీద, 1 శాతం మంది కొంటే క్లిక్‌కి 3.30 వరకే పెట్టొచ్చు. 2 శాతమైతే 6.60. 3 శాతమైతే 9.90. మార్జిన్ మీకు తెలిసిన అంకె. క్లిక్ ధర, కన్వర్షన్ రేట్ రెండూ యాడ్ వెయ్యకముందు తెలియవు. కానీ రెండిటినీ ఈ సూత్రం ఒకే తాడుతో కట్టేసింది. ఒకటి తెలిస్తే రెండోది ఎంత ఉండాలో ముందే తేలిపోతుంది. నాకు కన్వర్షన్ రేట్ ఎంత వస్తుందో అని ఊహించుకుంటూ కూర్చోవడం కన్నా, ఎంత రావాలో తేల్చుకుని, అది జరిగే పనేనా అని అడగడం తేలిక.

ఏ క్లిక్?

ఇప్పుడు రెండో అంకె, ఆ రెండున్నర రూపాయలు. మెటా యాడ్స్ మేనేజర్‌లో క్లిక్ అనే పేరుతో ఒకటి కాదు, చాలా కాలమ్స్ ఉంటాయి. `Clicks (all)` అంటే యాడ్ మీద ఎక్కడ వేలు పడినా లెక్కే. లైక్ కొట్టినా, ప్రొఫైల్ పేరు మీద నొక్కినా అందులోకే వస్తుంది. `Link clicks` అంటే మీరిచ్చిన లింక్ మీద నొక్కినవాళ్లు. `Landing page views` అంటే నొక్కాక మీ పేజీ నిజంగా లోడ్ అయినవాళ్లు. ఇది కనపడాలంటే వెబ్‌సైట్‌లో మెటా పిక్సెల్ పెట్టుకుని ఉండాలి.

అక్క 1,000 రూపాయల బూస్ట్ తెరిచి ఈ మూడూ చూశాం. మొదటిది 400, రెండోది 200, మూడోది 150. చీర ఫొటో బాగుంది, లైకులు పడ్డాయి. లింక్ నొక్కిన 200 మందిలో 50 మంది పేజీ తెరుచుకునేలోపే వెనక్కి వెళ్లిపోయారు. చీర చూడనివాళ్లు కొనరు కాబట్టి లెక్కలో ఉండాల్సింది ఆ 150. వెయ్యిని 150తో భాగిస్తే 6.67. అక్క అనుకున్నది రెండున్నర.

ఇప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టండి. అక్క అంకెలతో 2.50ని 620తో భాగిస్తే 0.4 శాతం. అంటే 250 మందిలో ఒకరు కొంటే గట్టెక్కినట్టే. అసలు అంకెలతో 6.67ని 330తో భాగిస్తే 2 శాతం పైచిలుకు. అంటే 50 మందిలో ఒకరు కొనాలి. 250 మందిలో ఒకరు, 50 మందిలో ఒకరు. వ్యాపారం అదే, చీర అదే, మధ్యలో అయిదు రెట్లు తేడా.

అక్క అనుకున్నట్టు నూటికి ఒక్కరే కొన్నారనుకోండి. 20,000 పెడితే పేజీకి వచ్చేది సుమారు 3,000 మంది, ఆర్డర్లు 30, మిగిలేది 9,900. పెట్టింది 20,000. దసరా అయ్యేసరికి 30,000 లాభం బదులు 10,100 నష్టం.

ఇంకొక్క మాట ట్యాక్స్ గురించి. యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. యాడ్ అకౌంట్ బిల్లింగ్ వివరాల్లో మీ జీఎస్టీ నంబర్ ఇచ్చి, ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటుంటే ఆ 18 శాతాన్ని ఖర్చులో కలపక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా, ఉండి నంబర్ ఇవ్వకపోయినా 6.67 కాస్తా 7.87 అవుతుంది. అప్పుడు 50 మందిలో ఒకరు చాలరు, 42 మందిలో ఒకరు కొనాలి.

వెబ్‌సైట్ లేకుండా యాడ్ నుంచి నేరుగా వాట్సాప్ చాట్‌కి తెప్పించుకునేవాళ్లకి కూడా ఇదే సూత్రం. క్లిక్ ధర బదులు ఒక కొత్త చాట్ మొదలవ్వడానికి అయిన ఖర్చు వేసుకోండి. కన్వర్షన్ రేట్ అంటే ఆ చాట్స్‌లో ఆర్డర్ దాకా వచ్చినవి.

50 మందిలో ఒకరు కొంటారా?

ఇక్కడ చాలామంది తమ వాట్సాప్ గ్రూప్ చూసి మోసపోతారు. అక్క గ్రూప్‌లో కొత్త చీర పెడితే 100 మందిలో ఐదారుగురు అడుగుతారు. వాళ్లు ఆవిడ దగ్గర ఇదివరకు కొన్నవాళ్లు, లేదంటే వాళ్ల చుట్టాలు. యాడ్ చూసి వచ్చేవాళ్లకి అక్క ఎవరో తెలియదు, చీర నిజంగా మంగళగిరిదో కాదో తెలియదు. గ్రూప్ రేటు తెచ్చి యాడ్ లెక్కలో పెట్టకూడదు.

అలాగే ట్రాఫిక్ క్యాంపెయిన్‌లో వచ్చిన క్లిక్ ధరని సేల్స్ క్యాంపెయిన్‌కి వాడకూడదు. ట్రాఫిక్ అని ఎంచుకుంటే మెటా తేలిగ్గా క్లిక్ చేసేవాళ్లని వెతుకుతుంది. సేల్స్ అని ఎంచుకుంటే కొనే అలవాటున్నవాళ్లని వెతుకుతుంది, వాళ్ల క్లిక్ మామూలుగా ఖరీదు. చవక క్లిక్ ఒక చోట నుంచి, మంచి కన్వర్షన్ ఇంకో చోట నుంచి తెచ్చి గుణిస్తే కాగితం మీద లాభం కనిపిస్తుంది, ఖాతాలో కనపడదు. రెండూ ఒకే క్యాంపెయిన్‌వి అయ్యుండాలి.

కాబట్టి చిన్న మొత్తంతో పరీక్ష పెట్టక తప్పదు. ఎంతతో? దీనికి కూడా మార్జిన్‌తోనే జవాబు చెప్పొచ్చు.

మీరు సరిగ్గా బ్రేక్ ఈవెన్ మీద ఉన్నారనుకోండి. అంటే ఖర్చుపెట్టిన ప్రతి 330 రూపాయలకీ సగటున ఒక ఆర్డర్ రావాలి. 990 ఖర్చుపెడితే 3 రావాలి. 990 అంటే సుమారు 150 మంది. ఒక్కొక్కరు కొనకుండా వెళ్లిపోయే అవకాశం 98 శాతం. 150 మందీ వరసగా కొనకుండా వెళ్లాలంటే 0.98ని 150 సార్లు గుణించాలి, వచ్చేది దాదాపు 0.05. అంటే నిజంగా బ్రేక్ ఈవెన్ మీద ఉన్న క్యాంపెయిన్‌లో ఇలా సున్నా రావడం నూటికి 5 సార్లు మాత్రమే జరుగుతుంది. అందుకని మార్జిన్‌కి 3 రెట్లు ఖర్చయ్యాక కూడా ఒక్క ఆర్డర్ రాలేదంటే ఆపెయ్యండి. ఇక్కడ క్లిక్ 5 రూపాయలా 15 రూపాయలా అన్నదానితో పనిలేదు, మార్జిన్‌కి మూడు రెట్లు అన్నది మారదు.

అక్క బూస్ట్‌లో 1,000 రూపాయలకి వచ్చినవి 2 ఆర్డర్లు. 3 రావాల్సిన చోట 2. దీన్ని చూసి యాడ్స్ దండగ అనడానికీ లేదు, బాగుంది 20,000 పెట్టు అనడానికీ లేదు. ఇంత తక్కువ ఆర్డర్లలో అదృష్టం పాలే ఎక్కువ.

తర్వాతి మెట్టు మార్జిన్‌కి 10 రెట్లు, అంటే 3,300. బ్రేక్ ఈవెన్ అయితే సుమారు 10 ఆర్డర్లు రావాలి. 4 లేదా అంతకన్నా తక్కువ వస్తే అది నష్టపోయే క్యాంపెయిన్ అని దాదాపు ఖాయం. 16 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే లాభంలో ఉన్నట్టే, బడ్జెట్ పెంచుకోవచ్చు. ఈ రెండూ ఊరికే అదృష్టంతో రావడం అరుదు, నూటికి 5 సార్లు లోపే. మధ్యలో 5 నుంచి 15 వరకు వస్తే అదే యాడ్‌కి డబ్బు పెంచకండి. లెక్కలో ఏదో ఒకటి మార్చి మళ్లీ పరీక్షించండి.

ఆ 3,300 పరీక్ష సేల్స్ క్యాంపెయిన్‌గా పెట్టాం. పేజీకి వచ్చినవాళ్లు 495 మంది, అంటే ఒక్కొక్కరికి మళ్లీ 6.67 పడింది. ఆర్డర్లు 7. కన్వర్షన్ రేట్ 1.4 శాతం. 7 ఇంటూ 330, 2,310. పోయింది 990. 20,000 ఒకేసారి పెట్టి ఇదే రేటు వచ్చి ఉంటే సుమారు 6,000 పోయేది.

ఏది మార్చాలి?

ఇలాంటప్పుడు అందరూ ముందు యాడ్ ఫొటో మారుస్తారు. నేనైతే ముందు మార్జిన్ వైపు చూడమంటాను, ఎందుకంటే అది మన చేతిలో ఉంది.

అక్క విషయంలో డబ్బు కారిపోతున్న చోటు తిరిగొచ్చే పార్సిళ్లు. క్యాష్ ఆన్ డెలివరీ కావాలంటే 100 రూపాయలు ముందు యూపీఐలో కట్టాలి, మిగతాది చీర అందాక అని పెట్టాం అనుకోండి. తిరిగొచ్చేవి నూటికి 15 నుంచి 5కి తగ్గితే, 95 ఇంటూ 420లోంచి 5 ఇంటూ 180 తీసేస్తే 39,000. ఆర్డర్ మార్జిన్ 330 నుంచి 390 అవుతుంది. బ్రేక్ ఈవెన్ రేటు 2 శాతం నుంచి 1.7కి దిగుతుంది.

కానీ అడ్వాన్స్ అడిగితే కొంతమంది ఆర్డరే పెట్టరు. ఎంతమంది తగ్గితే ఫరవాలేదు? అదీ ఇదే సూత్రంతో తేలుతుంది. ఇదివరకు 1,000 మందిలో 14 మంది ఆర్డర్ పెడితే మిగిలేది 14 ఇంటూ 330, 4,620. ఇప్పుడు 390 చొప్పున అదే 4,620 రావాలంటే 12 మంది సరిపోతారు. 12 కన్నా తగ్గితే అడ్వాన్స్ తీసేయాలి. నాకు తెలిసి ఇలాంటి నిర్ణయాలు చాలామంది మనసుకి తోచినట్టు తీసుకుంటారు, కానీ ఇది రెండు గుణకారాల పని.

రెండో మార్గం, ఒకే పార్సిల్‌లో రెండో చీర. రెండో చీరకి మళ్లీ క్లిక్ కొనక్కర్లేదు. బరువు పెరిగి కొరియర్ కొంచెం ఎక్కువైనా, కొన్న మనిషి దగ్గరే ఇంకో 450కి పైగా మిగులుతుంది. ఐదు ఆర్డర్లలో ఒకరు రెండు తీసుకున్నా సగటు మార్జిన్ బాగానే పెరుగుతుంది. అక్క ఇప్పుడు ఈ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి పరీక్షిస్తోంది. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం మారిందో తెలియదు.

మళ్లీ మళ్లీ కొనే కస్టమర్ల సంగతేంటి అంటారా? మొదటి ఆర్డర్‌లో కొంచెం పోయినా తర్వాత వస్తుందిలే అనే మాట వినడానికి బాగుంటుంది. మీ పాత రికార్డులో యాడ్ ద్వారా వచ్చినవాళ్లే మళ్లీ కొన్నట్టు కనపడితే ఆ మొత్తాన్ని మార్జిన్‌లో కలపండి. లేకపోతే సున్నా వేసుకోండి.

చివరగా రెండు జాగ్రత్తలు. పరీక్ష అయిన రోజే ఫలితం రాసేయకండి. క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ చేరిందో తిరిగొచ్చిందో తేలడానికి వారం, పది రోజులు పడుతుంది. యాడ్ వల్ల వచ్చిన ఆర్డర్లలో తిరిగొచ్చేవి మీ పాత 15 కన్నా ఎక్కువుంటే 330 కూడా తగ్గిపోతుంది, లెక్క మళ్లీ వేయాలి. రెండోది, యాడ్ ధర వేలంలో తేలుతుంది. ఆషాఢంలో చేసిన పరీక్ష క్లిక్ ధర దసరా వారంలో అదే ఉంటుందని అనుకోకండి, అందరూ ఒకేసారి అదే మనుషుల కోసం పోటీపడతారు. క్లిక్ 10 రూపాయలైతే 330 మార్జిన్ మీద 33 మందిలో ఒకరు కొనాలి. పండగ కాబట్టి అంతమంది కొంటారా లేదా అన్నది రోజూ పొద్దున్నే చూసుకోవాలి.

కాబట్టి ఫోన్ నోట్స్‌లో మూడు లైన్లు రాసుకోండి. ఆర్డర్‌కి నిజంగా మిగిలేది. పేజీకి వచ్చిన మనిషికి అయిన ఖర్చు. మొదటిదానికి మూడు రెట్లు, అంటే ఆర్డర్ రాకపోతే ఆపేసే గీత. ఆ గీతని యాడ్ వెయ్యకముందే రాసుకోండి. డబ్బు పోతున్నప్పుడు కూర్చుని గీస్తే అది ఎప్పుడూ ఇంకో 500 దూరంలోనే ఉంటుంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మళ్లీ కలుద్దాం, ఉంటాను.